చిన్న మాటలతోనే పెద్ద చిక్కు

హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ టీమ్, ఒసాకాలో దాని పనిని పరీక్షించే టెస్టింగ్ టీమ్ ఉన్నాయనుకుందాం. హైదరాబాద్ నుంచి ఒసాకాకు ఒక మెయిల్ వెళ్లింది. ఈ మెయిల్ నేను కల్పించిందే కానీ, ఇందులోని ఇంగ్లిషు మాత్రం మన ఆఫీసుల్లో రోజూ కనిపించేదే.

“హోప్ యు ఆర్ డూయింగ్ గుడ్. జస్ట్ వాంటెడ్ టు టచ్ బేస్ ఆన్ ది రిలీజ్. వీ ర్యాన్ ఇన్‌టు సమ్ లాస్ట్-మినిట్ ఇష్యూస్ విత్ ది పేమెంట్ మాడ్యూల్ విచ్ వీ ఆర్ లుకింగ్ ఇన్‌టు, అండ్ సిన్స్ ది వెండర్ హ్యాజంట్ గాట్ బ్యాక్ టు అజ్ యెట్, వీ మే హ్యావ్ టు పుష్ ఇట్ బ్యాక్ బై ఎ కపుల్ ఆఫ్ డేస్, సో ఇట్‌డ్ బీ గ్రేట్ ఇఫ్ యువర్ సైడ్ కుడ్ హోల్డ్ ఆఫ్ ఆన్ టెస్టింగ్ టిల్ వీ గివ్ ది గ్రీన్ సిగ్నల్. కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్ అండ్ రివర్ట్.”

రాసినాయన దృష్టిలో ఇది తేలిక మెయిల్. డిక్షనరీ తీయాల్సిన మాట ఒక్కటీ లేదు. అవతల చదివే ఆయన బడిలో ఏళ్ల తరబడి ఇంగ్లిషు చదివినవాడే. సాఫ్ట్‌వేర్ మాన్యువల్స్ ఇంగ్లిషులోనే చదువుతాడు. రన్ అంటే పరుగెత్తడం, లుక్ అంటే చూడటం, పుష్ అంటే తోయడం, హోల్డ్ అంటే పట్టుకోవడం అని ఆయనకు బాగా తెలుసు. అన్ని మాటలూ తెలిసీ వాక్యం మాత్రం బోధపడదు. ఎవరో పేమెంట్ మాడ్యూల్‌లోకి పరుగెత్తారు, దాన్ని వెనక్కి తోస్తున్నారు, టెస్టింగ్‌ను పట్టుకోమంటున్నారు, కానీ ఎక్కడ పట్టుకోవాలో చెప్పలేదు!

మనకు నవ్వొస్తుంది గానీ, తెలుగు నేర్చుకునే జపానీయుడికి మనమూ ఇంతకు తక్కువ కష్టం పెట్టం. ‘కొట్టు’ అనే క్రియనే తీసుకోండి. కోర్టు కేసు కొట్టేసింది. దొంగ పర్సు కొట్టేశాడు. పిల్లాడు బడికి డుమ్మా కొట్టాడు. అప్పు తీసుకున్నవాడు ఎగ్గొట్టాడు. వీటిలో ఎక్కడా దెబ్బ తగలలేదు. ఇంగ్లిషు ఫ్రేజల్ వెర్బ్‌లు సరిగ్గా ఇలాంటివే. ఒక చిన్న క్రియ పక్కన అప్, ఆఫ్, అవుట్, ఇన్‌టు, బ్యాక్ లాంటి మరో చిన్న మాట చేరుతుంది. ఆ రెండూ కలిసి, విడిగా దేనికీ లేని మూడో అర్థాన్ని పుట్టిస్తాయి.

పై మెయిల్‌లోని ఒక్క పొడుగు వాక్యంలోనే ఇలాంటివి అయిదున్నాయి. వాటిలో ‘ఇన్‌టు’ రెండుసార్లు వచ్చింది. ర్యాన్ ఇన్‌టు అన్నచోట అనుకోకుండా సమస్య ఎదురైందని అర్థం, లుకింగ్ ఇన్‌టు అన్నచోట కారణం వెతుకుతున్నామని. ‘బ్యాక్’ కూడా రెండుసార్లు వచ్చింది. గాట్ బ్యాక్ అంటే జవాబివ్వడం, పుష్ బ్యాక్ అంటే వాయిదా వేయడం. ఒక చోట అర్థం పట్టుకున్న పాఠకుడు అదే తాళంచెవితో రెండో చోటును తెరవబోతే తెరుచుకోదు.

పుష్ బ్యాక్‌లో ఇంకో తిరకాసు ఉంది. ‘వీ పుష్డ్ బ్యాక్ ది డేట్’ అంటే తేదీని వెనక్కి జరిపామని. ‘వీ పుష్డ్ బ్యాక్ ఆన్ ది డేట్’ అంటే ఆ తేదీకి మేము ఒప్పుకోలేదని. మధ్యలో ‘ఆన్’ అనే బుల్లి మాట ఉందా లేదా అన్నదాని మీద ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం ఆధారపడ్డాయి. పైగా మన మెయిల్‌లో ‘పుష్ ఇట్ బ్యాక్’ అని రెండు ముక్కల నడుమ ‘ఇట్’ దూరింది. పాపం ఆయన డిక్షనరీ తీసినా ‘పుష్’ దగ్గర వెతుకుతాడే తప్ప, రెండో ముక్కను కూడా కలిపి వెతకాలని ఆయనకు తట్టకపోవచ్చు.

ఇంగ్లిషు పరాయి భాష అయినవాళ్లు ఈ జంట క్రియలను తప్పించుకు తిరుగుతారని పరిశోధకులు చాలాకాలం కిందటే గమనించారు. ఇజ్రాయెల్‌లో హీబ్రూ మాట్లాడే విద్యార్థుల మీద డాగట్, లాఫర్ అనే ఇద్దరు 1985లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో పేరుపడింది. హీబ్రూలో ఇలాంటి జంట క్రియలు లేవు. అందుకే ఆ విద్యార్థులు వీలున్నచోటల్లా ఒంటి క్రియనే ఎంచుకున్నారు. తాను రాసేటప్పుడు వాడటానికే జంకే మాటను, వేరేవాళ్లు రాస్తే మాత్రం చకచకా చదివేస్తాడని ఆశించడం కష్టం.

చిన్న మాటలే తేలిక మాటలన్న భ్రమ మనదొక్కరిదే కాదు. 1930లో సి.కె. ఆగ్డెన్ అనే ఇంగ్లిషు పండితుడు ‘బేసిక్ ఇంగ్లిష్’ పేరుతో 850 మాటల భాషను తయారుచేశాడు. ప్రపంచమంతా సులువుగా నేర్చుకోవచ్చని ఆయన ఆశ. క్రియలను బాగా కుదించి, కమ్, గో, గెట్, గివ్, పుట్, టేక్ లాంటి పద్దెనిమిదింటితో సరిపెట్టాడు. మరి మిగతా పనులు చెప్పేదెలా? పుట్ పక్కన ఒకటి, గెట్ పక్కన ఇంకొకటి చేర్చుకుంటూ పోవడమే దారి. లెక్కకు మాటలు 850 మాత్రమే. కానీ నేర్చుకునేవాడు ఆ జంటల అర్థాలన్నీ విడివిడిగా బట్టీ పట్టాలి. ఈ లోపాన్ని విమర్శకులు అప్పట్లోనే ఎత్తిచూపారు.

కాబట్టి విదేశీ సహోద్యోగికి రాసేటప్పుడు, మనకు పుస్తక భాషలా అనిపించే ఒంటి క్రియే ఆయనకు దారి చూపుతుంది. పుష్ బ్యాక్ బదులు పోస్ట్‌పోన్, లుక్ ఇన్‌టు బదులు ఇన్వెస్టిగేట్, గెట్ బ్యాక్ బదులు ఆన్సర్ లేదా రిప్లై, కాల్ ఆఫ్ బదులు క్యాన్సిల్, ఫిగర్ అవుట్ బదులు ఫైండ్. స్పెయిన్, బ్రెజిల్, ఇటలీ వాళ్లకైతే ఇది మరీ సులువు. పోస్ట్‌పోన్, ఇన్వెస్టిగేట్ లాంటి మాటలు లాటిన్ నుంచి వచ్చాయి, వాళ్ల సొంత భాషల్లోనూ వీటి చుట్టాలున్నాయి.

చుట్టాల్లో దొంగ చుట్టాలూ ఉంటారు. ‘ఎవెంచువల్లీ’ అంటే ఇంగ్లిషులో చివరికి తప్పకుండా జరుగుతుందని. జర్మన్‌లో దాదాపు అలాగే వినిపించే మాటకు ‘బహుశా’ అని అర్థం. “వీ విల్ ఎవెంచువల్లీ ఫిక్స్ దిస్” అని మీరు మాటిస్తే, మ్యూనిక్‌లో ఉన్నాయన అది జరగొచ్చు, జరగకపోవచ్చు అని రాసుకోవచ్చు. ‘యాక్చువల్లీ’ కూడా అంతే. స్పానిష్‌లో దాని జోడీకి ‘ప్రస్తుతం’ అని అర్థం. ఈ రెంటినీ మెయిల్‌లోంచి తీసేసినా నష్టం లేదు.

జంట క్రియ కనబడితే చాలు వేటాడాలని కూడా కాదు. లాగిన్, బ్యాకప్, రోల్ బ్యాక్ లాంటివి వృత్తి మాటలు. ఒసాకాలో టెస్టింగ్ చేసేవాడికి అవి తెలిసినంతగా పోస్ట్‌పోన్ కూడా తెలియకపోవచ్చు. వాటిని మార్చి వివరించబోతే అసలుకే అయోమయం. కత్తిరించాల్సింది కబుర్ల ఇంగ్లిషును, వృత్తి ఇంగ్లిషును కాదు.

ఇక జాతీయాల సంగతి. ‘టచ్ బేస్’ బేస్‌బాల్ ఆట నుంచి వచ్చిందని సాధారణంగా చెబుతారు. జపాన్‌లో బేస్‌బాల్ అంటే ప్రాణం. అయినా ఆ ఆట తెలిసినంత మాత్రాన ‘ఒకసారి పలకరిద్దామని’ అనే అర్థం స్ఫురించదు. బాల్‌పార్క్, డెడ్‌లైన్ అరౌండ్ ది కార్నర్, లో-హ్యాంగింగ్ ఫ్రూట్ లాంటివి పరాయివని మనకూ తెలుసు, కాస్త ఆలోచిస్తే తీసేస్తాం. మన కంటికి కనబడనివి మన సొంత ఇండియన్ ఇంగ్లిషు జాతీయాలు. వాటిని జాతీయాలని మనం అనుకోనే అనుకోం.

‘డూ ది నీడ్‌ఫుల్’ చూడండి. పాతకాలపు దఫ్తరు ఇంగ్లిషు ఇక్కడ ఇంకా బతికే ఉంది. చదివే విదేశీయుడికి అందులో చేయాల్సిన పని ఏమిటో దొరకదు, ఎందుకంటే రాసినవాడు చెప్పలేదు. ‘ఐ హ్యావ్ ఎ డౌట్’ అంటే మనకు ‘ఒక ప్రశ్న ఉంది’ అని. బయటివాళ్లకు ‘నాకు నమ్మకం కుదరడం లేదు’ అని. కొత్త డిజైన్ పంపిన జర్మన్ ఇంజినీరుకు ఆ ముక్క రాస్తే ఆయన మొహం ముడుచుకుంటుంది. ‘గ్రీన్ సిగ్నల్’ బొమ్మగా అర్థమవుతుంది గానీ, అది మెయిల్ రూపంలో వస్తుందా, ఫోన్ రూపంలోనా, ఎవరిస్తారు అన్నది తేలదు. ప్రీపోన్ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి ఎక్కింది, కానీ ఒసాకా దాకా ఇంకా చేరలేదు. వీటన్నిట్లో సాఫ్ట్‌వేర్‌వాళ్లు మరీ భయపడాల్సింది ‘రివర్ట్’. మనకది ‘జవాబివ్వండి’. కోడ్ రాసేవాళ్లకు `git revert` అనేది రోజూ వాడే ఆదేశం, చేసిన మార్పును రద్దు చేయమని దాని అర్థం. “ప్లీజ్ రివర్ట్ బై ఈవెనింగ్” అని రాస్తే, చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి సాయంత్రానికల్లా కోడ్‌ను పాత స్థితికి తెచ్చి పెట్టవచ్చు.

పొడుగు వాక్యానికి వద్దాం. మెయిల్‌లోని మూడో వాక్యంలో 55 మాటలున్నాయి. ఎన్ని మాటల దాకా పోవచ్చు? దీనికి విమాన రంగంలో ఒక కొలత ఉంది. విమానాలను మరమ్మతు చేసే మెకానిక్‌లలో చాలామందికి ఇంగ్లిషు మాతృభాష కాదు, మాన్యువల్ మాత్రం ఇంగ్లిషులోనే ఉంటుంది. అందుకని 1970ల చివర్లో యూరప్ విమానయాన సంస్థలు తయారీదారులను కదిలించాయి. 1986లో సరళ ఇంగ్లిషు నియమాల పుస్తకం మొదటిసారి వచ్చింది. ఇవాళ దాన్ని ఏఎస్‌డీ-ఎస్‌టీఈ100 అంటున్నారు. అందులో పని చెప్పే వాక్యం 20 మాటలు దాటకూడదు, వివరించే వాక్యం 25 దాటకూడదు. మన వాక్యం ఆ హద్దుకు రెట్టింపు దాటి ఎక్కడో ఉంది.

అయితే చిక్కు పొడుగు వల్ల మాత్రమే రాదు, అల్లిక వల్ల వస్తుంది. ఇక్కడ తెలుగువాళ్లకు ఒక సౌకర్యం ఉంది. జపనీస్ వాక్యం మన వాక్యంలాగే నడుస్తుంది. క్రియ చివర వస్తుంది. ‘నిన్న మీరు పంపిన ఫైలు’ అని మనం అన్నట్టే, వాళ్లూ వివరణ ముందు చెప్పి, ఫైలును తర్వాత చెబుతారు. ఇంగ్లిషులో ఇది తలకిందులు. ఫైలు ముందొచ్చి, దానికి సంబంధించిన ‘విచ్’, ‘దట్’ తోకలు వెనక వస్తాయి. అందువల్ల ‘విచ్ వీ ఆర్ లుకింగ్ ఇన్‌టు’ అన్నది ఇష్యూస్‌కు చెందిందా, మాడ్యూల్‌కు చెందిందా అని ఆయన వెనక్కెళ్లి మళ్లీ చదవాలి. ‘సిన్స్’ అంటే ‘అప్పటినుంచి’ అని ముందు నేర్చుకుని ఉంటాడు, ఇక్కడేమో ‘కాబట్టి’. ‘పుష్ ఇట్’లో ఇట్ అంటే ఏమిటి? మాడ్యూలా, వెండరా? అసలు మాట ‘రిలీజ్’ ముందు వాక్యంలోనే ఉండిపోయింది.

ఇప్పుడు తిరగరాద్దాం. మెయిల్ 2026 మార్చి మొదటి వారంలో పంపుతున్నామని, రిలీజ్ 10వ తేదీ మంగళవారం జరగాల్సి ఉందని అనుకుందాం. సబ్జెక్ట్ లైన్‌లోనే విషయం తేల్చేయాలి: “పాజిబుల్ చేంజ్ ఆఫ్ రిలీజ్ డేట్: 10 మార్చ్ టు 12 మార్చ్ 2026.” లోపల ఇలా:

“వీ ఫౌండ్ ఎ ప్రాబ్లమ్ ఇన్ ది పేమెంట్ మాడ్యూల్. వీ ఆర్ ఇన్వెస్టిగేటింగ్ ది ప్రాబ్లమ్. వీ ఆస్క్డ్ ది వెండర్ ఎ క్వశ్చన్, బట్ ది వెండర్ హ్యాజ్ నాట్ ఆన్సర్డ్.

ది రిలీజ్ డేట్ వాజ్ ట్యూజ్‌డే, 10 మార్చ్ 2026. ది న్యూ డేట్ ఈజ్ ప్రాబబ్లీ థర్స్‌డే, 12 మార్చ్ 2026. ఐ విల్ కన్ఫర్మ్ ది న్యూ డేట్ ఆన్ మండే, 9 మార్చ్, బిఫోర్ 15:00 జపాన్ టైమ్.

ప్లీజ్ డు నాట్ స్టార్ట్ ది టెస్టింగ్ బిఫోర్ ఐ కన్ఫర్మ్.

క్వశ్చన్: ఇఫ్ ది రిలీజ్ ఈజ్ ఆన్ 12 మార్చ్, వెన్ కెన్ యు ఫినిష్ ది టెస్టింగ్? ప్లీజ్ ఆన్సర్ ఆన్ ఆర్ బిఫోర్ ఫ్రైడే, 6 మార్చ్. థాంక్యూ.”

అన్నిటికన్నా పొడుగు వాక్యంలో 14 మాటలున్నాయి. మొత్తం మెయిల్ మాత్రం పాతదానికంటే చిన్నదేమీ కాలేదు, కాస్త పెరిగింది. కారణం ఏమిటంటే పాత మెయిల్‌లో లేని సంగతులు ఇందులో ఉన్నాయి. కొత్త తేదీ ఖాయమా కాదా, ఖాయమైందని ఎవరు, ఎప్పుడు చెబుతారు, అవతలివాళ్లు ఏం చేయకూడదు, ఏం చెప్పాలి. ‘మే హ్యావ్ టు’, ‘కపుల్ ఆఫ్ డేస్’ అని రాసినప్పుడు ఇవి రాసినవాడికీ తేలలేదన్నమాట. పొడుగు వాక్యాన్ని విడగొట్టబోతే, ముక్కల మధ్య ఖాళీలు ముందుగా మనకే కనబడతాయి. చాలాసార్లు మెయిల్ ఆపి, పక్క సీటు మేనేజర్‌ను వెళ్లి అడగాల్సి వస్తుంది.

పాత తేదీ, కొత్త తేదీ రెండూ రాయడం చాదస్తంలా అనిపించవచ్చు. బుధవారం మీటింగ్‌ను రెండు రోజులు ‘మూవ్డ్ ఫార్వర్డ్’ చేశారు, అది ఏ రోజుకు మారింది అన్న ప్రశ్నను లెరా బోరోడిట్‌స్కీ లాంటి మనస్తత్వ పరిశోధకులు ఇంగ్లిషు మాతృభాష అయినవాళ్లనే అడిగారు. కొందరు సోమవారమన్నారు, కొందరు శుక్రవారమన్నారు. సొంత భాషలోనే ఇంత తేడా వస్తే ఒసాకాలో రావడంలో వింత లేదు. నెల పేరును అక్షరాల్లో రాయడానికీ ఇదే కారణం. 10/3 అంటే మనకు మార్చి 10, అమెరికావాళ్లకు అక్టోబర్ 3. ‘ఐఎస్‌టీ’ అని సమయం రాస్తే ఐర్లండ్‌వాళ్లు వేసవిలో తమ సమయమే అనుకుంటారు. ఊరి పేరు గానీ దేశం పేరు గానీ రాయడం మంచిది. ‘బై ఫ్రైడే’ అన్నా జర్మన్‌వాళ్లు తడబడతారు. అప్పటిలోగా, అప్పటిదాకా అనే రెండింటికీ వాళ్లకు ఒకే మాట ఉంది. అందుకే ‘ఆన్ ఆర్ బిఫోర్’.

కొత్త మెయిల్‌లో ‘ప్రాబ్లమ్’ అనే మాట రెండుసార్లు అలాగే వచ్చింది. మన ఇంగ్లిషు మాస్టారు చూస్తే రెండోదాని కింద ఎర్ర గీత గీసేవారు. ఒకే మాట మళ్లీ వాడితే వ్యాసం అందం చెడుతుందని, ఒకసారి ఇష్యూ అని, ఇంకోసారి బగ్ అని, మరోసారి డిఫెక్ట్ అని మార్చి రాయమని మనకు నేర్పారు. టెస్టింగ్ చేసేవాడికి అవి నాలుగు వేర్వేరు లోపాలు. మూడు దొరికాయి, నాలుగోది ఏదని ఆయన వెతుకుతూ కూర్చుంటాడు. విమాన మాన్యువల్ నియమం ఇక్కడ కఠినంగా ఉంటుంది. ఒక మాటకు ఒకే అర్థం. ‘ఫాలో’ అంటే ఒకదాని తర్వాత ఒకటి రావడమే. సూచనలను పాటించడానికి అక్కడ ‘ఒబే’ అనే రాయాలి.

ఇలా రాస్తే మొరటుగా ఉండదా అన్నది అందరూ అడిగే ప్రశ్న. ఉండే ప్రమాదం ఉంది. ప్లీజ్, థాంక్యూ ఉంచితే చాలావరకు పోతుంది. ‘ఇట్‌డ్ బీ గ్రేట్ ఇఫ్ యు కుడ్’ లాంటి మర్యాదలో మాత్రం పని దాక్కుపోతుంది. అది విన్నపమా, కోరికా, ఆదేశమా అని చదివేవాడు తూకం వేయలేడు. సరళంగా రాయడమంటే విరిచి రాయడం కూడా కాదు. “యు సెండ్ ఫైల్ టుమారో” అన్న తరహా ఇంగ్లిషు ఎదుటివాడికి అవమానంగా ఉంటుంది, పైగా అర్థం చేసుకోవడం ఇంకా కష్టం. ఎ, ది, దట్ లాంటివే ఆయనకు వాక్యంలో గట్టు పట్టుకునే ఆధారాలు. వాటిని పీకేయకూడదు. ‘బికాజ్’, ‘బట్’ కూడా అంతే. అన్నీ తెంపేస్తే వాక్యాలు పొట్టిగా ఉంటాయి గానీ, దేనివల్ల ఏం జరిగిందో తెలియకుండా పోతుంది.

మెయిల్ అర్థమైందో లేదో ఎలా తెలుసుకోవాలి? ‘నోటెడ్’, ‘ఓకే, థాంక్యూ’, ‘అండర్‌స్టుడ్’ అనే జవాబులను నమ్మి నిశ్చింతగా కూర్చోకూడదు. అర్థం కాలేదని రాతలో ఒప్పుకోవడానికి ఎవరికైనా మొహమాటమే. మూడు ప్రశ్నలడిగితే మొదటిదానికే జవాబొచ్చిందంటే మిగతావి పొడుగు వాక్యంలో పాతుకుపోయాయని గుర్తు. పక్క విషయానికి జవాబొస్తే మీ జాతీయమేదో ఆయన మాటకు మాట అర్థం చెప్పుకున్నాడని గుర్తు. అందుకే కొత్త మెయిల్‌లో ‘ఓకేనా?’ అని అడగలేదు, టెస్టింగ్ ఎప్పటికి పూర్తవుతుందని అడిగాం. దానికి అవునని జవాబివ్వడం కుదరదు, తేదీ రాయాల్సిందే. 16 మార్చ్ అని వస్తే అర్థమైనట్టే. 11 మార్చ్ అని వస్తే ఇంకో మెయిల్ రాయాలి.

అడిగే ప్రశ్నలో ‘నాట్’ లేకుండా కూడా చూసుకోవాలి. “డిడ్ యు నాట్ గెట్ ది ఫైల్?” అని అడిగితే జపాన్ నుంచి ‘యెస్’ అని రావచ్చు. ఫైలు అందలేదా అంటే ‘అవును, అందలేదు’ అని మనమూ అంటాం కదా, వాళ్లదీ అదే పద్ధతి. ఇంగ్లిషులో ఆ ‘యెస్’ అందిందనే చెబుతుంది. “డిడ్ యు గెట్ ది ఫైల్?” అని అడిగితే యెస్ అన్నా, నో అన్నా రెండు ఊళ్లలోనూ ఒకటే అర్థం.